కోనసీమ శాసనంలో తిలింగం, హైదరాబాద్ గ్రంథాలయంలో ఆంధ్రం: మన పేర్లు ఎటు నుంచి ఎటు నడిచాయి?

ప్రశ్న: "ఆంధ్ర అనేది జాతి పేరా, భాష పేరా, ప్రాంతం పేరా? తెలంగాణ అంటే త్రిలింగ దేశమేనా? అసలు మన రాష్ట్రాల పేర్లు మనుషుల నుంచి వచ్చాయా, భాషల నుంచా, కొండలూ నదుల నుంచా? ఒక్కో చోట ఒక్కోలా రాశారు, ఏది నమ్మాలో తెలియడం లేదు."

ముందు సూటిగా చెప్తాను. ఆంధ్ర అనేది మొదట ఒక జనం పేరు. ఆ జనం ఉన్న నేలకూ, ఆ తర్వాత అక్కడి భాషకూ అదే పేరు వచ్చింది. తెలుగు అనే మాటది మరో దారి. అది భాష పేరుగా స్థిరపడి, ఆ భాష మాట్లాడే నేలకు తిలింగ, తిలంగ్, తెలంగాణ అనే పేర్లు ఇచ్చింది. ఈ రెండు పేర్లూ ఒకప్పుడు దాదాపు ఒకే నేలకు చెల్లేవి. ఇవాళ మనం గీసుకున్న సరిహద్దు వాటి మధ్య పడింది గత రెండు మూడు వందల ఏళ్లలోనే.

శాసనాల పాఠాలు చదవడంలో నాకు చాలా ఏళ్లు గడిచాయి. ఆ పనిలో పడ్డ అలవాటు ఒకటుంది. ఏ ప్రాంతం పేరు ఎదురైనా "దీని అర్థం ఏమిటి" అని మొదలుపెట్టను. ఇది మొదట ఎక్కడ రాసి ఉంది, రాసినవాడు లోపలివాడా బయటివాడా, ఆ వాక్యంలో ఈ పేరు మనుషుల్ని చెప్తోందా, నేలనా, భాషనా అని చూస్తాను. పదం అర్థం దగ్గర మొదలుపెడితే ఎన్ని కథలైనా అల్లుకోవచ్చు. రాతలు ఏ వరుసలో వచ్చాయో చూస్తే కథలకు చోటు తగ్గుతుంది.

ఆంధ్రతో మొదలుపెడదాం. ఈ పేరు కనిపించే అతి పాత చోట్లలో వేదకాలపు గ్రంథమైన ఐతరేయ బ్రాహ్మణం ఒకటి. అందులో శునశ్శేపుడి కథ వస్తుంది. విశ్వామిత్రుడు శునశ్శేపుణ్ణి పెద్ద కొడుకుగా స్వీకరిస్తే, సొంత కొడుకుల్లో పెద్దవాళ్లు యాభై మంది ఒప్పుకోరు. మీ సంతానం అంచుల్లో బతకాలని తండ్రి శపిస్తాడు. అలా అంచులకు పోయినవారే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అని కథ. దీన్ని చరిత్రగా తీసుకోనక్కర్లేదు కానీ ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. రాసినవాడు ఉత్తరాదివాడు, అతని దృష్టిలో ఆంధ్రులు తన లోకానికి అంచున ఉన్న ఒక జనం. పక్కన ఉన్న పేర్లన్నీ జనాల పేర్లే. నేల ప్రస్తావన గానీ భాష ప్రస్తావన గానీ లేదు.

క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడి 13వ శిలాశాసనంలోనూ అంతే. రాజు ఏలుబడిలో ఉంటూ ధర్మాన్ని పాటిస్తున్నవారి జాబితాలో భోజులు, పిటినికులతో పాటు ఆంధ్రుల పేరు వస్తుంది. ఇక్కడా జనమే. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ విన్నదీ జనం పేరే. 'అందరే' అనే ఒక జాతి ఉందనీ, వాళ్లకు ప్రాకారాలున్న పట్టణాలు 30, కాల్బలం లక్ష, గుర్రాలు రెండు వేలు, ఏనుగులు వెయ్యి ఉన్నాయనీ రాశాడు. ఆ లెక్కలు ఎంతవరకు నిజమన్నది వేరే చర్చ. అంత దూరానికి చేరింది ఒక జనం పేరు, ఆ జనం బలం అన్నదే ఇక్కడ చూడాల్సింది.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. శాతవాహనులు ఆంధ్రులని బడిలో చదువుకున్నాం. అలా అన్నది పురాణాలు. శాతవాహనుల సొంత శాసనాల్లో వాళ్లు తమను ఆంధ్రులమని చెప్పుకోలేదు. కాబట్టి నాసిక్‌లోనో నానేఘాట్‌లోనో శాతవాహన శాసనం దొరికిందని అప్పట్లో దాన్ని ఆంధ్రదేశం అనేవారనడానికి వీల్లేదు. రాజుల వంశానికి ఇతరులు ఇచ్చిన పేరు వేరు, నేలకున్న పేరు వేరు. రెండూ కలిపేస్తే పటంలో సరిహద్దులు ఇష్టమొచ్చినట్టు సాగుతాయి.

మరి జనం పేరు నేల పేరుగా మారడం మన కళ్లకు ఎక్కడ కనిపిస్తుంది? నాకు తెలిసినంతలో అన్నిటికంటే స్పష్టమైన సాక్ష్యం మైదవోలు రాగి రేకులు. దాదాపు క్రీ.శ. 4వ శతాబ్దానివి. పల్లవ యువమహారాజు శివస్కందవర్మ కంచి నుంచి ఇచ్చిన ప్రాకృత శాసనం అది. ధాన్యకటకంలో ఉన్న తన అధికారికి ఒక ఆజ్ఞ పంపుతున్నాడు. 'అంధాపథం'లోని విరిపర అనే ఊరిని బ్రాహ్మణులకు దానం చేశాం, ఆ ఊరికి మినహాయింపులు ఇవ్వండి అన్నది దాని సారాంశం. ధాన్యకటకం అంటే మన అమరావతి పక్కన ఉన్న ధరణికోట. దక్షిణాపథం అన్నట్టే అంధాపథం. ఈ శాసనంలో శాపాలూ కథలూ ఏమీ లేవు. ఇది ఆఫీసు కాగితం. ఫలానా ఊరు ఫలానా పరిధిలో ఉంది అని అధికారికి చెప్తోంది. ఒక పేరు పాలన కాగితంలో చిరునామాగా వచ్చిందంటే అది నేల పేరుగా స్థిరపడిందని అర్థం. పైగా ఆ నేల ఎక్కడుందో కూడా తెలిసింది. కృష్ణ దిగువన, గుంటూరు వైపు.

7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఈ పేరును దేశం పేరుగానే రాసుకున్నాడు. ఆయన చెప్పిన ఆంధ్ర దేశపు రాజధాని వేంగి అని పండితులు గుర్తించారు. ధాన్యకటకాన్ని వేరే దేశంగా చెప్పాడు. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. ఇక్కడి భాష ఉత్తరాది మధ్యదేశపు భాషకు భిన్నం, రాత మాత్రం చాలావరకు అదే అని. అంటే నేల పేరు ఆంధ్ర, అక్కడి భాష వేరని తెలుసు, కానీ ఆ భాషకు ఆ పేరు ఆయన పెట్టలేదు. ఆ చివరి మెట్టు 11వ శతాబ్దానికి వచ్చేసరికి కచ్చితంగా కనిపిస్తుంది. రాజరాజనరేంద్రుడి నందంపూడి శాసనంలో దానం పుచ్చుకున్న నారాయణభట్టు ఏయే భాషల్లో కవిత్వం చెప్పగలడో చెప్తూ సంస్కృతం, కర్ణాటం, ప్రాకృతం, పైశాచితో పాటు ఆంధ్ర భాషను లెక్కపెట్టారు. అదే కాలంలో, అదే ఆస్థానంలో నన్నయ తన భాషను తెనుగు అన్నాడు. ఒకే భాషకు రెండు పేర్లు పక్కపక్కనే నడుస్తున్నాయి.

జనం, నేల, భాష. ఆంధ్ర అన్న పేరు ఈ వరుసలో నడవడానికి వెయ్యేళ్లకు పైగా పట్టింది.

ఇప్పుడు తెలుగు సంగతి. తెలుంగు, తెనుంగు, తెనుగు, తెలుగు అని రూపాలు చాలా ఉన్నాయి. దీని నుంచి పుట్టిన నేల పేరు తిలింగం. ఉత్తరాదిలో పారశీక భాషలో రాసేవాళ్ల నోట అది తిలంగ్ అయింది. అమీర్ ఖుస్రో ఓరుగల్లు మీద దండయాత్ర గురించి రాస్తూ ఈ దేశాన్ని తిలంగ్ అన్నాడు. 1318 నాటి తన కావ్యంలో ఈ దేశపు భాషల జాబితా ఇస్తూ తిలంగీ అని మన భాషను పేర్కొన్నాడు. అదే జాబితాలో కన్నడం ఏ పేరుతో ఉందో చూడండి, ధూర్‌సముందరీ! హొయసల రాజధాని దోరసముద్రం పేరే భాషకు తగిలించాడు. బయటివాళ్లు పేరు పెట్టే తీరు ఇలాగే ఉంటుంది, తమకు ముందుగా ఎదురైనదాన్ని పట్టుకుంటారు. అందుకే బయటివాడి రాతలో దొరికిన పేరును లోపలివాడి రాతతో సరిచూసుకోవాలి.

తిలంగ్ విషయంలో ఆ లోపలి రాత మనకుంది. అది ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం. 1323లో ఓరుగల్లు పడిపోయింది, ప్రతాపరుద్రుడు పోయాడు. ఆ తర్వాత కొద్దికాలానికి, 1330 ప్రాంతంలో రాయించిన సంస్కృత శాసనం ఇది. అందులో దానం ఇచ్చిన విలస గ్రామం కోనసీమలో ఉంది. కాకతీయుల పతనం, ఆ తర్వాత పడ్డ కష్టాలు వర్ణించడానికి ముందు అసలు ఈ దేశం ఎక్కడుందో ఒక శ్లోకంలో చెప్పారు. పడమర మహారాష్ట్రం, తూర్పున కళింగం, దక్షిణాన పాండ్యం, ఉత్తరాన కన్యాకుబ్జం, ఈ నాలుగింటి మధ్య ఉన్న దేశం పేరు తిలింగం.

ఈ శ్లోకం దగ్గర కాసేపు ఆగితే చాలా సందేహాలు తీరతాయి. మొదటిది, దానం పొందిన ఊరు గోదావరి పాయల మధ్య ఉంది. ఇవాళ్టి పటంలో అది ఆంధ్రప్రదేశ్‌లో బాగా లోపలికి వస్తుంది. ఆ ఊరు దానం చేసినవాళ్లకు తమ దేశం తిలింగం. అంటే తిలింగం అంటే కోస్తాకు పడమటి నేల అని అప్పటికి అర్థం లేదు. రెండోది, చుట్టూ ఉన్న దేశాల పేర్లు చెప్పి మధ్యలో తమ దేశాన్ని నిలబెట్టారు. ఒక రాజు గెలిచినంత మేర అని చెప్పలేదు. రాజు పోయినా, రాజ్యం పోయినా దేశం పేరు మిగిలింది. మూడోది, ఈ శ్లోకాన్ని సర్వే పటంలా చదవకూడదు. కన్యాకుబ్జం ఎక్కడ, గోదావరి ఎక్కడ? పొరుగునే ఉన్న కర్ణాటం పేరే లేదు. కవి నాలుగు దిక్కులకు నాలుగు ప్రసిద్ధమైన పేర్లు పెట్టాడు. ఇలాంటి శ్లోకాన్ని పట్టుకుని "మా సరిహద్దు కనౌజ్ దాకా ఉండేది" అనేవాళ్లు ఉన్నారు. దాని నుంచి దేశం పేరు తీసుకోవచ్చు, సరిహద్దు రాళ్లు తీసుకోకూడదు.

మీరడిగిన త్రిలింగం ఇక్కడికే వస్తుంది. శ్రీశైలం, ద్రాక్షారామం, కాళేశ్వరం, ఈ మూడు శివక్షేత్రాల మధ్య నేల కాబట్టి త్రిలింగ దేశం, అందులోంచి తెలుగు అని అందరం విన్నాం. ప్రతాపరుద్రుడి ఆస్థానంలోని విద్యానాథుడు తన అలంకార గ్రంథంలో ఈ భావాన్ని చక్కగా చెప్పాడు. కానీ వరుస చూడండి. తెనుగు అన్న మాట నన్నయ నాటికే ఉంది, మూడు లింగాల వివరణ కాకతీయుల చివరి రోజుల్లో బలంగా వినిపిస్తోంది. దేశి మాటను సంస్కృతంలోకి తీసుకుంటూ, అర్థం చెప్పడానికి వీలుగా దాన్ని మలిచి త్రిలింగ అన్నారన్న వాదన వైపే ఎక్కువమంది భాషావేత్తలు మొగ్గుతారు. నా అభిప్రాయం కూడా అదే. అలాగని త్రిలింగాన్ని అబద్ధమని తోసిపారేయను. పదం ఎలా పుట్టిందో అది చెప్పదు కానీ, 14వ శతాబ్దం నాటికి కృష్ణ, గోదావరి, శ్రీశైలం కొండలు అన్నీ ఒకే దేశమని ఇక్కడివాళ్లు అనుకున్నారని చెప్తుంది. మూడు గుళ్లలో ఒకటి కోస్తాలో, ఒకటి నల్లమలలో, ఒకటి ఉత్తర తెలంగాణలో ఉండటం ఊరికే కాదు.

ఒక గుర్తు చెప్తాను. ఒక పేరుకు సంస్కృతంలో అర్థం మరీ సొగసుగా, ఒక కథతో సహా కుదిరిపోతే అక్కడ ఆగి అనుమానించండి. పాత పేర్లు సాధారణంగా అంత తేలిగ్గా విడిపోవు.

తెలంగాణ అన్న రూపం సంగతికొస్తే, హైదరాబాద్ శివార్లలోని తెల్లాపూర్‌లో దొరికిన 1417 నాటి శాసనంలో తెలుంగణపురం అన్న ఊరి పేరు ఉంది. అప్పుడు బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షా పాలన. అంటే ఆరు వందల ఏళ్ల కిందటికే ఈ రూపం జనం వాడుకలో ఉండి ఒక ఊరికి పేరయింది.

మరి ఒకే నేలకున్న రెండు పేర్లు రెండు నేలల పేర్లు ఎలా అయ్యాయి? ఇది భాషావేత్తలకంటే రెవెన్యూ కాగితాలు బాగా చెప్పే కథ. 1766లో కోస్తా జిల్లాలు నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీకి పోయాయి. వాటిని ఉత్తర సర్కారులు అన్నారు. 1800లో బళ్లారి, కడప, అనంతపురం, కర్నూలు వైపు నేలను నిజాం కంపెనీకి ఇచ్చేశాడు, సైన్యం ఖర్చు కింద. మిగిలిన నిజాం రాజ్యంలో మూడు భాషల జిల్లాలు ఉన్నాయి. మరాఠీ జిల్లాలు మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కర్ణాటక, తెలుగు జిల్లాలు తెలంగాణ. అలా తెలుగు నేలంతటికీ చెల్లిన మాట నిజాం ఏలుబడిలో మిగిలిన తెలుగు జిల్లాలకు పరిమితమైంది. పేరు మారలేదు, దాని కింద ఉన్న నేల తగ్గింది.

అటు మద్రాసు ప్రెసిడెన్సీలోకి పోయిన తెలుగువాళ్లు 20వ శతాబ్దం మొదట్లో తమ కోసం పేరు వెతుక్కున్నప్పుడు ఆంధ్ర అన్న పాత మాటను ఎత్తుకున్నారు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ఇక్కడితో ఆగితే "ఆంధ్ర వాళ్లది, తెలంగాణ వీళ్లది" అన్న లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ హైదరాబాద్‌లో 1901లోనే పెట్టిన తెలుగు గ్రంథాలయం పేరు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం. 1921లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సంస్కరణ సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను గోల చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానంతో తెలుగువాళ్లు పెట్టుకున్న సంఘం పేరు ఆంధ్ర జనసంఘం. తర్వాత 1930లో జోగిపేటలో జరిగింది నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ. వాళ్లకు ఆంధ్ర అంటే తెలుగు. ఏ జిల్లావాడన్న ప్రశ్నే లేదు. తాము ఉన్న చోటును చెప్పడానికి 'నిజాం రాష్ట్ర' అని ముందు చేర్చుకున్నారు, అంతే.

కోనసీమ శాసనం తిలింగం అంటోంది, హైదరాబాద్ గ్రంథాలయం ఆంధ్రం అంటోంది. ఇవి రెండూ ఎదురుగా పెట్టుకున్నాక "అసలు పేరు మాది, అరువు పేరు మీది" అన్న వాదన ఏ వైపు నుంచీ నిలబడదు. నాకు ఈ సంగతి మీద పట్టుదల ఎక్కువ, ఎందుకంటే ఈ పేర్ల మీద జరిగే గొడవల్లో సగం ఈ రెండు రాతలూ చూడకుండా జరుగుతున్నవే.

అసలు ముడి పడింది 1953 తర్వాత. ఆ ఏడాది అక్టోబర్ 1న మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. దాంతో ఆంధ్ర అన్నది మొదటిసారి ఆధునిక అర్థంలో ఒక రాష్ట్రం పేరయింది, దానికి గీతలున్నాయి, ఆ గీతల్లో హైదరాబాద్ లేదు. మూడేళ్లకు ఆంధ్ర రాష్ట్రాన్నీ తెలంగాణనూ కలిపేటప్పుడు పేరు దగ్గర పేచీ వచ్చింది. 1956 ఫిబ్రవరి నాటి పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ ప్రతినిధులు ఆంధ్ర-తెలంగాణ అన్న పేరు కోరారు, అవతలివాళ్లు ఆంధ్రప్రదేశ్ అన్నారు. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ బిల్లులో మొదట ఆంధ్ర-తెలంగాణ అనే ఉంది. పార్లమెంటు సంయుక్త కమిటీలో అది ఆంధ్రప్రదేశ్‌గా మారింది. భాష పేరుగా చూస్తే ఆంధ్ర అన్న మాట అందరిదీ. కానీ మూడేళ్లుగా అది ఒక వైపు రాష్ట్రం పేరు. అందుకే తెలంగాణలో చాలామందికి ఆ పేరు మనల్ని కలుపుకున్నట్టు కాకుండా మింగేసినట్టు అనిపించింది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు నిజాం కాలపు తెలుగు జిల్లాల పేరే, ఇంచుమించు ఆ నేలకే, అధికారికంగా స్థిరపడింది.

రాయలసీమ కథ చిన్నదే గానీ పేరు ఎలా పుడుతుందో కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. 1800లో ఇచ్చేసిన జిల్లాలను ఇంగ్లీషువాళ్లు సీడెడ్ జిల్లాలు అన్నారు, మనవాళ్లు దత్త మండలాలు అన్నారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అన్న పేరు మోయడం ఇష్టం లేక, 1928లో నంద్యాలలో జరిగిన దత్త మండల సభలో చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించిన రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నారు. విజయనగర రాయల పేరు మీద అన్నమాట. ఒక ప్రాంతం పేరు పుట్టిన ఏడాది, ఊరు, సందర్భం ఇంత కచ్చితంగా తెలియడం అరుదు. వందేళ్లయినా కాకుండానే అది అనాదిగా ఉన్న పేరులా అనిపిస్తుంది. అందుకే "ఈ పేరు ఎప్పటినుంచో ఉంది" అన్న మాటను నేను తేలిగ్గా ఒప్పుకోను.

మన నేల దాటి చూస్తే ఇవే దారులు వేరే వరుసల్లో కనిపిస్తాయి. కేరళలో రాష్ట్రం పేరు జనానిది, భాష పేరు నేలది. భాష నుంచి నేలకు పేరొచ్చిన మన తెలంగాణ దారిని తిరగేసినట్టు. అశోకుడు రెండో శిలాశాసనంలో చోళ, పాండ్య, సతియపుత్రులతో పాటు కేరళపుత్రుల్ని చెప్పాడు, అక్కడ అది పాలకుల పేరు, జనం పేరు. తమిళంలో వాళ్లే చేరలు. కన్నడంలో కెరె అన్నది మనకు చెరువు, వాళ్ల కివి మనకు చెవి. ద్రావిడ భాషల్లో ఈ క, చ మార్పు మామూలే కాబట్టి కేర, చేర ఒకటేనని చెప్పడానికి పెద్ద ఇబ్బంది లేదు. కేర అంటే కొబ్బరి, కొబ్బరిచెట్ల నేల కాబట్టి కేరళ అన్నది త్రిలింగం లాంటి సొగసైన వివరణే. మలయాళం మాత్రం అచ్చంగా భూమిని చూసి పెట్టిన పేరు. మల అంటే కొండ. కొండల నేల పేరు మలయాళం, ఆ నేల మీద మాట్లాడే భాషకు తర్వాత అదే పేరు వచ్చింది. తమ భాషలో పలికినట్టే రాష్ట్రం పేరు కేరళం అని ఉండాలని అక్కడి శాసనసభ 2024లో తీర్మానం కూడా చేసింది.

కర్ణాటక దగ్గర విద్యార్థులు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. కర్ణాటక యుద్ధాలు ఆర్కాటు దగ్గర, తమిళనేల మీద ఎందుకు జరిగాయి అని. 9వ శతాబ్దపు కవిరాజమార్గం కన్నడనాడు కావేరి నుంచి గోదావరి దాకా అని చెప్పింది, అప్పుడు ఆ పేరు భాషతో ముడిపడి ఉంది. తర్వాత విజయనగర రాజులు కర్ణాట ప్రభువులుగా పేరుపడ్డారు. 1565 తర్వాత ఆ రాజులు పెనుకొండకు, చంద్రగిరికి, వేలూరుకు జరుగుతూ పోతే వాళ్లతో పాటు కర్ణాట అన్న పేరూ తూర్పుకు జరిగింది. మొఘలులు, నవాబులు, చివరికి ఇంగ్లీషువాళ్లు ఆర్కాటు నేలనే కర్ణాటక్ అన్నారు. అసలు కన్నడ నేల మైసూరు అయింది. 1973 నవంబర్ 1న మైసూరు రాష్ట్రానికి కర్ణాటక అన్న పేరు పెట్టడంతో ఆ పేరు మళ్లీ భాష దగ్గరికి చేరింది. రాజుల వెంట పోయిన పేరు నేలను వదిలి వెళ్లగలదని దీన్ని మించిన ఉదాహరణ నాకు కనపడలేదు.

ఇక కొండలు, నదుల పేర్లు. పంజాబ్ అంటే ఐదు నదులు అని అందరికీ తెలుసు, అక్కడ వివాదమేమీ లేదు. ఆసక్తికరమైనవి ఈశాన్యంలో ఉన్నాయి. లుషాయి కొండలు అన్న పాత పేరు బ్రిటిషువాళ్లు ఒక తెగ పేరు విని మొత్తం కొండలకు తగిలించినది. అక్కడి ఇతర తెగలకు అది నచ్చలేదు. అందరినీ కలుపుకునే మిజో అన్న మాట తీసుకుని 1954లో మిజో జిల్లా అన్నారు, 1972లో అది మిజోరం అయింది. రం అంటే నేల. అదే 1972లో ఈశాన్యంలోనే మేఘాలయ రాష్ట్రం వచ్చింది. అక్కడ ఖాసీలు, జైంతియాలు, గారోలు ఉన్నారు, భాషలు వేరు. ఏ ఒక్కరి పేరు పెట్టినా మిగతావాళ్లు బయటివాళ్లవుతారు. భూగోళవేత్త ఎస్.పి. ఛటర్జీ అంతకు ముందే ఆ పీఠభూమికి పెట్టిన మేఘాలయ అన్న పేరు అక్కడ పనికొచ్చింది. అరుణాచల్ ప్రదేశ్‌ది కూడా ఇదే దారి, ఎన్నో తెగల నేల కాబట్టి పేరు సూర్యోదయం మీదికీ కొండల మీదికీ పోయింది. ఒక నేలకు ఒక జనం పేరు గానీ ఒక భాష పేరు గానీ అందరికీ సరిపోనప్పుడు కొండో మబ్బో పేరు ఇస్తుంది. ఇటీవలి రాష్ట్రాల పేర్లలో ప్రకృతి ఎక్కువ కనిపించడానికి ఇదొక ముఖ్యమైన కారణం.

మీ జిల్లా పేరో, మీ వైపు నాడు పేరో ఇలా చూసుకోవాలంటే ముందు ఆ జిల్లా శాసన సంపుటాలు తిరగేయండి. పేరు ఏ రూపంలో ఉందో ఉన్నది ఉన్నట్టు, తేదీతో సహా రాసుకోండి. శాసనం దానపత్రమా, రాజు బిరుదుల పట్టీనా, కవి వర్ణనా అన్నది పక్కనే రాయండి. దానపత్రంలో ఊరి హద్దులు చెప్పే భాగంలో వచ్చిన పేరుకు ఎక్కువ విలువ ఇవ్వండి, ఎందుకంటే అక్కడ తప్పు రాస్తే పొలం పోతుంది. బిరుదుల్లో వచ్చిన పేరుకు తక్కువ విలువ ఇవ్వండి, గెలవని దేశాలు కూడా అందులో ఉంటాయి. స్థలపురాణం చివరికి చదవండి. మొదట చదివితే మిగతావన్నీ దానికి తగ్గట్టే కనపడతాయి.